మూడు పొద్దుల పండు

బోధన్ బస్టాండులో తారాబాయి గంపలోని పండును నొక్కి చూసే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. నొక్కితే చేతి మీద ఒక్క దెబ్బ పడేది. ఆ చెయ్యి కండక్టరుదా, కాలేజీ పిల్లదా, పోలీసుదా అని ఆమె చూసేది కాదు. నొక్కిన సీతాఫలం సాయంత్రానికి వేలు పడినచోట నల్లబడుతుంది. తర్వాత వచ్చినవాడు ఆ ఒక్క పండును చూసి గంప మొత్తం కుళ్లిందంటాడు. అందుకే ఆ దెబ్బ.

రెంజల్ పక్కన ఒక చిన్న ఊరు ఆమెది. భర్త ఎర్రన్న చెరుకు క్రషింగు మొదలైనప్పటి నుంచి ఫ్యాక్టరీలో సీజను కూలీకి పోయేవాడు. అంతకు ముందు, దసరా నుంచి కార్తీకం దాకా, ఆలుమగలిద్దరికీ సీతాఫలాలే బతుకు. గట్ల మీద, బీళ్లలో చెట్లు ఎక్కడెక్కడ ఉన్నాయో, ఏ చెట్టు ముందు పండుతుందో ఎర్రన్నకు తెలుసు. ఏ కాయను ఏ రోజు తెంపాలో తారాబాయి చెప్పేది. కాయ మీది కళ్ల మధ్య గీతలు తెల్లబడి కొంచెం విచ్చుకుంటే తెంపవచ్చు. అంతకు ముందే తెంపితే అది పండదు, రాయిలా ఎండి నల్లబడుతుంది. బాగా విచ్చుకునేదాకా ఆగితే బుట్టలోనే పగులుతుంది.

ఆమె ముందు ఎప్పుడూ మూడు గంపలుండేవి. ఇయ్యాల్టివి, రేపటివి, ఎల్లుండివి. నిజామాబాద్ పోయేవాడికి మొదటి గంపలోంచి, హైదరాబాద్ పోయేవాడికి మూడో గంపలోంచి ఇచ్చేది. ఎక్కడికి పోతున్నావని అడగకుండా ఒక్క పండు కూడా అమ్మేది కాదు. "ఎక్కడికి పోతే నీకెందుకు" అన్నవాడికి పండు ఇచ్చేదే కాదు. నిజామాబాద్ బస్సు ఆగేచోట, నల్లా పక్కన, మూడు గంపలు పట్టే ఆ జాగా కోసం ఆమె ఎన్నో ఏళ్లు కొట్లాడింది. అరటిపండ్ల బండివాడితో, డిపోవాళ్లతో, చివరికి సొంత మేనత్తతో. తర్వాతి సంగతంతా ఆ జాగా చుట్టూనే తిరిగింది.

చేతి ఫోన్లలోకి ఇంటర్నెట్ ఇంకా రాని రోజులవి. బోధన్‌లో రామ్‌దాస్ అనే కుర్రాడు నెట్ సెంటర్ నడిపేవాడు. హైదరాబాద్‌లో కొందరు కొత్తగా వెబ్‌సైటు పెట్టి జిల్లాల సరుకును పట్నం ఇళ్లకు పంపుతున్నారని, వాళ్ల తరఫున నిజామాబాద్‌లో మార్కండేయ అనే ఆయన పెట్టెలు పోగు చేస్తున్నాడని రామ్‌దాస్ ఆమెకు చెప్పాడు. మార్కండేయ ఒకరోజు బస్టాండుకే వచ్చాడు. అంతకు ముందు బీడీ ఆకు వ్యాపారం చేసి వదిలేసిన మనిషి. మాట మెత్తగా ఉంటుంది, లెక్క గట్టిగా ఉంటుంది. మంచి పండు ఉందని విన్నానని, ఫోటో పెడితే పట్నమోళ్లు కొంటారని చెప్పాడు. తారాబాయి నమ్మలేదు. చూడకుండా పండు ఎవడు కొంటాడని అడిగింది.

"ఇంటర్నెట్ల నొక్కి జూసేటోడే ఉండడక్కా" అన్నాడు మార్కండేయ.

ఆ ఒక్క మాటకే ఆమె ఒప్పుకుంది. ఇన్నేళ్ల తర్వాత అడిగినా, డబ్బు కోసం కాదు, ఆ మాట కోసమే ఒప్పుకున్నానని చెబుతుంది.

వెబ్‌సైటులో పండు గురించి కొన్ని ప్రశ్నలుంటే రామ్‌దాస్ ఆమెను అడుగుతూ నింపాడు. పేరు, ఊరు, పెట్టెలో ఎన్ని పండ్లు. చివర్లో, పండు ఎన్ని రోజులు ఆగుతుందని ఒక గడి ఉంది. మూడు పొద్దులు అని తారాబాయి చెప్పింది. మూడు రోజులు అని రామ్‌దాస్ రాశాడు. అందులో తప్పేమీ లేదనే ఇద్దరూ అనుకున్నారు.

మొదట్లో ఆర్డర్లు తక్కువే. పొద్దున తెంపి, వరిగడ్డి పరిచిన అట్టపెట్టెల్లో పేర్చి, ఎర్రన్న జీపులో బోధన్‌కూ, అక్కడి నుంచి బస్సులో నిజామాబాద్‌కూ తెచ్చేవాడు. మార్కండేయ వాటిని రాత్రి హైదరాబాద్ బస్సులో వేసేవాడు. తెల్లవారితే అక్కడి ఆఫీసువాళ్లు బండ్ల మీద ఇళ్లకు చేర్చేవాళ్లు. దసరా తర్వాత ఆర్డర్లు ఒక్కసారిగా పెరిగాయి. పొద్దంతా తెంపడానికీ, పేర్చడానికే సరిపోయేది. బస్టాండులో కూర్చోవడానికి తారాబాయికి తీరిక దొరకలేదు. కందకుర్తి నుంచి వచ్చి జాగా లేక ప్రహరీ పక్కన ఎండలో కూర్చునే గంగుబాయిని పిలిచి, ఈ సీజనుకు నువ్వు కూర్చోమంది.

అప్పుడు ఇంకో చిన్న మార్పు జరిగింది. అది చాలా రోజుల దాకా ఎవరి దృష్టికీ రాలేదు. గట్టు మీద చెట్టు దగ్గర నిలబడితే కళ్లు అప్పుడే విచ్చుకున్న కాయలూ దొరుకుతాయి, బాగా విచ్చుకున్నవీ దొరుకుతాయి. ఇదివరకు బాగా విచ్చుకున్నవి ఇయ్యాల్టి గంపలో పడి సాయంత్రానికి అమ్ముడుపోయేవి. ఇప్పుడు ఆ గంప లేదు. పారేయడానికి చేతులు రాక ఎర్రన్న వాటిని కూడా అట్టపెట్టెల్లో, కింది వరుసలో సర్దేవాడు.

దీపావళి దగ్గర పడుతుండగా రామ్‌దాస్ కబురు పంపాడు. తారాబాయి నెట్ సెంటర్‌కు పోయేసరికి కంప్యూటర్ మీద ఫోటోలు. నల్లగా పగిలిన పండ్లు, పెట్టె అడుగున కారిన రసం, ఒకదాంట్లో పురుగు. ఒకరి తర్వాత ఒకరు రాశారు. రామ్‌దాస్ కొన్ని చదివి, కొన్ని చదవకుండా దాటేశాడు. దాటేసినవాటిలో ఏముందో చెప్పమని ఆమె నిలదీస్తే, పల్లెటూరోళ్లు మోసం చేయడం బాగా నేర్చుకున్నారని ఒకాయన రాశాడని చెప్పాడు.

"ఒక్కటే పండును తలా ఒకలు ఫోటో దీసిండ్రు" అంది తారాబాయి. ఆ మాట ఆమెకే అతకలేదు. పెట్టెలు వేరు, కింద పరిచిన గడ్డి మాత్రం ఎర్రన్న పరిచినదే.

ఆ సైటు పద్ధతి అప్పుడు వివరంగా తెలిసింది. పెట్టె అందిన మూడు రోజుల్లోగా ఫోటో పంపి ఫిర్యాదు చేస్తే కొన్నవాళ్లకు పూర్తి డబ్బు వెనక్కిస్తారు. అది అమ్మినవాళ్లకు రావలసిన దాంట్లోంచి కోసేస్తారు. వారంలో పది పెట్టెలకు ఒకటి మించి ఫిర్యాదు వస్తే సైటులోంచి పేరు తీసేస్తారు. తారాబాయి పెట్టెల్లో మూడో వంతుకు ఫిర్యాదులున్నాయి.

మర్నాడే మార్కండేయ వాళ్ల ఊరికి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. హైదరాబాద్‌వాళ్లు తనను తిడుతున్నారని, తన కింద ఉన్న మిగతావాళ్లకు కూడా చెడ్డపేరు వస్తోందని, వచ్చే వారం కూడా ఇలాగే ఉంటే పేరు తీసేయడం ఖాయమని చెప్పాడు. కుళ్లిన పండ్లు కింద పెట్టి మంచివి పైన పెట్టడం బస్టాండు అలవాటని అన్నాడు. ఎర్రన్న తల వంచుకున్నాడు. తారాబాయి మాత్రం, నా గంపలో పైనొకటి కిందొకటి ఏనాడైనా ఉందేమో బోధన్ వచ్చి అడుగు అంటూ వాకిట్లోంచే ఆయన్ను సాగనంపింది. ఆయన పోయాక ఎర్రన్నను చూస్తే, అతను ఇంకా తల ఎత్తలేదు.

అప్పుడు బయటపడింది కింది వరుస సంగతి. ఆ రాత్రి వాళ్లింట్లో పొయ్యి అంటుకోలేదు. మొగుడు తనను అడగకుండా ఆ పని చేశాడని కోపం. బాగా విచ్చుకున్నవి ఎటు పోతున్నాయని తాను ఒక్కసారీ అడగలేదన్నది ఇంకా పెద్ద కోపం.

తెల్లవారి ఆమె బస్టాండుకు పోయింది. ఇక ఆ సైటు వద్దు, తన జాగా తనకు చాలు అనుకుంది. గంగుబాయి ఆ జాగాలో మూడు కాదు, నాలుగు గంపలు పెట్టుకుని కూర్చుని ఉంది. పైన గోనెసంచితో నీడ కూడా కట్టింది. లేవమంటే లేవలేదు.

"సీజనంత కూసో అంటివి. సీజను ఒడిసిందా?" అంది గంగుబాయి.

"నా జాగ నాకు గావాలె."

"నువ్వు కంప్యూటర్ల అమ్మేదానివి గద. గీ నల్లాకాడ నీకేం పని? పో, పొయ్యి గాడ్నే కూసో."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అరటిపండ్ల బండివాడు మరీ గట్టిగా నవ్వాడు. తారాబాయి గంపను కాలితో తన్నబోయి ఆగింది. పండ్లను తన్నడానికి కాలు రాలేదని తర్వాత చెప్పింది. జాగా ఇవ్వడం తానే ఇచ్చింది, సాక్షులు కూడా బస్టాండంతా ఉన్నారు. ఆ పూట ఆమె ఏమీ అమ్మకుండా తిరిగొచ్చింది. సైటు పోతే కూర్చోవడానికి చోటు లేదు. ఇక ఆ పేరును నిలుపుకోవడం తప్ప దారి లేదు.

రామ్‌దాస్ ఒక ఉపాయం చెప్పాడు. ఫిర్యాదు చేసినవాళ్లలో ఎవరితోనైనా మాట్లాడి, అసలు ఏమైందో తెలుసుకుందామన్నాడు. ఒకరి నంబరు దొరికింది. వసంతమ్మ, దిల్‌సుఖ్‌నగర్. పుట్టిల్లు నిజామాబాద్ దగ్గర ఇందల్వాయి అట, కాబట్టి మాట కలుస్తుందని అనుకున్నారు. కలవలేదు. ఫోన్ ఎత్తిన దగ్గర నుంచీ ఆమె తిడుతూనే ఉంది. అత్తగారింటి నుంచి చుట్టాలొస్తే మా దిక్కు పండు అని గొప్పగా చెప్పి పెట్టె విప్పితే ఈగలు లేచాయట. అది ఏ రోజని తారాబాయి అడిగింది. పెట్టె వచ్చిన మూడో రోజట.

"మూడో నాడు ఇప్పితే గట్లనే అయితది. ఫ్రిజ్జుల బెట్టినవా ఏంది?" అంది తారాబాయి.

"ఫ్రిజ్జుల బెట్టలే, ఏం బెట్టలే. మూడు దినాలు ఆగుతదని నువ్వే రాస్తివి. మూడు దినాలే ఆగిన."

"తెంపినకాడికెల్లి మూడు పొద్దులమ్మా. తెంపిన పొద్దు గూడ అండ్లనే లెక్క. నీ ఇంటికొచ్చినకాడికెల్లి గాదు."

"నువ్వు తెంపంగ నేనేమన్న జూసిన్నా?"

తారాబాయి ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని వేళ్ల మీద పొద్దులు లెక్కపెట్టుకుంది. అవతల వసంతమ్మ ఉన్నావా పోయావా అని రెండుసార్లు అడిగి పెట్టేసింది.

బస్టాండులో మూడు పొద్దులంటే అందరికీ ఒకటే లెక్క. పొద్దున తెంపి తెచ్చినదని చూస్తూనే తెలుస్తుంది, పక్కన ఆకులు ఇంకా వాడి ఉండవు. ఈ పొద్దు ఒకటి, రేపు రెండు, ఎల్లుండి మూడు, అంతే. కొనేవాడి లెక్క, అమ్మేదాని లెక్క ఒకే చోట మొదలవుతాయి. పెట్టె కొన్నవాళ్లకు మాత్రం లెక్క తలుపు దగ్గర మొదలవుతుంది. దారిలో పోయిన పొద్దు వాళ్లకు కనపడదు. అందులోనూ కింది వరుసలో ఉన్నవి ఇయ్యాల్టివి.

నెట్ సెంటర్‌లో కూర్చుని రామ్‌దాస్ ఫిర్యాదులన్నీ మళ్లీ చదివాడు. ఈసారి ఏ రోజు అందిందో చూస్తూ చదివాడు. సగానికి పైగా సోమవారం అందిన పెట్టెలు. శనివారం సాయంత్రం నిజామాబాద్‌లో ఇచ్చినవి ఆదివారం పొద్దునకు హైదరాబాద్ చేరతాయి. ఆదివారం అక్కడి ఆఫీసుకు సెలవు. పెట్టెలు మూసిన గదిలో, ఒకదాని మీద ఒకటి, గడ్డి వేడికి అలాగే పడి ఉంటాయి.

తారాబాయి, రామ్‌దాస్ ఇద్దరూ నిజామాబాద్ పోయారు. మార్కండేయ ఆఫీసు గంజ్ మార్కెట్ వెనక సందులో ఒక గది. ఆయన ముందే పేరు తీసేయమని రాసి పెట్టానని, పైవాళ్ల జవాబు రావడమే ఆలస్యమని చెప్పాడు. బతిమాలడానికి వచ్చిందనుకున్నాడేమో, కుర్చీ చూపించాడు. ఈసారి తారాబాయి కూర్చోలేదు.

శనివారం పెట్టెల మాట ఎత్తగానే ఆయన ముఖం మారింది. ఆదివారం ఆఫీసు మూసి ఉంటుందన్నది అందరికీ తెలిసిన విషయమేనని, శనివారం ఎందుకు తెచ్చావని ఎదురడిగాడు.

"నాకెట్ల తెలుస్తదన్నా? నువ్వు దీస్కున్నవ్, నేను దెచ్చిన. ఒక్క శనారమన్న వద్దన్నవా?"

"పెట్టెలు ఎక్కువ పోవాలని నువ్వే తొందర జేస్తివి."

"తొందర నీది. పెట్టెకింత అని నీకొస్తది గద."

రామ్‌దాస్ మధ్యలో పడకపోతే ఆ మాటలు ఇంకా ఎటో పోయేవి. చివరికి తారాబాయి చెప్పింది ఇది. మిగతా రోజుల పెట్టెల్లో తప్పు తనది. కింది వరుస తనది, మూడు పొద్దుల మాట తనది. వాళ్ల డబ్బు తన దాంట్లోంచే కోసుకోవచ్చు, వసంతమ్మది ముందు కోయాలి. సోమవారం అందిన పెట్టెలు మాత్రం తనవి కావు, అవి ఆదివారం మూసిన గదివి. వాటికి ఒక్క పైసా ఇవ్వదు. ఇక నుంచి శుక్రవారం, శనివారం తెంపదు. ప్రతి పెట్టె మీద తెంపిన రోజు, తినవలసిన రోజు రాసి పంపుతుంది. సైటులో కూడా మూడు రోజుల మాట తీసేసి, అందిన నాడు గానీ మరునాడు గానీ తినాలి, ఫ్రిజ్జులో పెట్టకూడదు అని రాయాలి.

శనివారంతో పాటు శుక్రవారం ఎందుకని మార్కండేయ అడిగాడు. శుక్రవారం పోయిన పెట్టె శనివారం ఇంటికి చేరకపోతే అదీ సోమవారం దాకా ఆ గదిలోనే ఉంటుంది కదా అంది. ఆ మాట ఆయన ఒప్పుకున్నాడు. రోజు రాయడానికి మాత్రం అడ్డం తిరిగాడు.

"తెంపిన దినం రాస్తే పాత పండని అంటరు. ఎల్లుండికి ఖరాబైతదని ముందుగాల్నే జెప్పి అమ్మితే ఎవడు గొంటడు?"

"కొనకుంటె కొనకపోనీ. కొని తిట్టేటోడు నాకొద్దు."

మార్కండేయ హైదరాబాద్‌కు ఫోన్ చేశాడు. వాళ్ల ముందే ఆమెను మొండిదని, చదువు లేనిదని చెప్పాడు. ఆమె వింటూ నిలబడింది. అటువైపు వాళ్లు, సోమవారం పెట్టెల డబ్బు తామే భరిస్తామన్నారు, కానీ ఇష్టంగా అనలేదు. ఒక్క వారం చూస్తాం, లెక్క దాటితే పేరు తీసేస్తాం అన్నారు. ఆ వారం పండ్లు అడిగినవాళ్లు సగానికి తగ్గారు. నేను చెప్పానా అని మార్కండేయ రామ్‌దాస్‌తో ఫోన్‌లో అన్నాడట, సంతోషంగానే.

తక్కువ పెట్టెలైనా అసలు చిక్కు అలాగే ఉంది. కళ్లు అప్పుడే విచ్చుకున్నవే పెట్టెలో పెట్టాలంటే, బాగా విచ్చుకున్నవి అదే రోజు ఎక్కడో అమ్ముడుపోవాలి. లేదంటే ఎర్రన్న చెయ్యి మళ్లీ కింది వరుస వైపు పోతుంది. ఆ మాట అతనే ఒప్పుకున్నాడు. నా ముందర పెట్టకు, నేను పారేయలేను అన్నాడు.

తారాబాయి ఒక గంప నెత్తిన పెట్టుకుని బస్టాండుకు పోయింది. గంగుబాయి ఆమెను దూరం నుంచే చూసి కాళ్లు బార్లా చాపి కూర్చుంది. గొడవ కోసం అరటిపండ్ల బండి కూడా దగ్గరికి జరిగింది. తారాబాయి గంప దించి, ఇవి ఇయ్యాల్టి పండ్లు, నువ్వు అమ్ము, వచ్చిన దాంట్లో సగం నీది అంది. జాగా మాట ఎత్తలేదు.

గంగుబాయి ఒక పండు తీసి తిప్పి చూసింది.

"పట్నమోళ్లు తిననియి నాకు దెచ్చినవా?"

"పట్నం పొయ్యేదాక ఆగనియి దెచ్చిన. నీ గంపల్లున్న పండని కోర కాయలకంటె మంచియే."

"నా కాయలు కోరయా? పొద్దుగాల్నుంచి అమ్ముడువోతున్నయి, సూడు."

"నువ్వు అడగకుండ అమ్ముతున్నవ్. హైదరాబాద్ పొయ్యేటోనికి ఇయ్యాల్టియి ఇస్తున్నవ్. ఆడు నల్గొండ దాటెదాక గూడ ఉండయి."

"హైదరాబాద్ బస్సు నల్గొండ దిక్కు పోదు."

బండివాడు నవ్వాడు. ఈసారీ తారాబాయి మీదే. తారాబాయికి కూడా నవ్వు వచ్చేదేమో గానీ, గంగుబాయి ముందు నవ్వడం ఇష్టం లేక ముఖం తిప్పుకుంది. సగం కాదు, ముప్పావు నాకు కావాలి, జాగా నాది అంది గంగుబాయి. జాగా ఎవరిదో మళ్లీ మొదలైంది. ఇద్దరి నోళ్లూ ఊరుకోలేదు. మేనత్త పేరు వచ్చింది, కందకుర్తి పేరు వచ్చింది, ఎర్రన్న పేరు కూడా వచ్చింది. రెండు బస్సులు వచ్చి పోయాయి. చివరకు సగానికి కొంచెం ఎక్కువ దగ్గర తెగింది. ఎంత ఎక్కువ అన్నది ఇద్దరూ రెండు రకాలుగా చెబుతారు. గంగుబాయి గోనెసంచి నీడను మాత్రం జరపలేదు. తారాబాయి తెచ్చిన గంప ఎండలోనే పెట్టించుకుంది, తన గంపలు నీడలో ఉంచింది. ఎండలో పెడితే మధ్యాహ్నానికే పగులుతాయని తారాబాయి ఒకటికి రెండుసార్లు చెప్పింది. అయితే పొద్దున్నే తే, మధ్యాహ్నం లోపల అమ్ముతా అంది గంగుబాయి.

ఆ వారం సోమవారం, మంగళవారం పెట్టెలు పోయాయి. పెట్టె మీద స్కెచ్ పెన్నుతో రామ్‌దాస్ రాసిచ్చాడు, సోమవారం తెంపింది, బుధవారంలోగా తినాలి అని. అంతకుముందు ఉన్న మూడు పొద్దుల లెక్కే అది, కాకపోతే తలుపు దగ్గర నిలబడి చూసినవాడికి కూడా కనపడుతుంది. వారం చివర ఒక్క ఫిర్యాదు వచ్చింది. ఫ్రిజ్జులో పెట్టామని, తొక్క నల్లబడిందని వాళ్లే రాశారు. పెట్టొద్దని పెట్టె మీద రాసి ఉందని రామ్‌దాస్ చూపిస్తే, వాళ్లకు కూడా డబ్బు ఇచ్చేయమంది తారాబాయి. ఇస్తూ వాళ్లను ఏమన్నదో ఇక్కడ రాయడం కుదరదు.

పేరు ఉంచుతున్నామని మార్కండేయ ఎర్రన్నతో కబురు పంపాడు. ఎర్రన్న నేరుగా బస్టాండుకే వచ్చి చెప్పాడు. ఆమె విన్నదో లేదో తెలియదు. మధ్యాహ్నం లోపల అమ్మలేదని, పగిలిపోయిన సగం పండ్లు ఎవరి వాటాలో పోవాలని ఆమె గంగుబాయితో కొట్లాడుతోంది. గంగుబాయి, మొగుడు ఏదో చెబుతున్నాడు విను అంది. తారాబాయి, నువ్వు మాట దాటెయ్యకు, ముందు పండ్ల సంగతి తేల్చు అంది.